నూట ఇరవై పోగులు

మొగులయ్య నౌకరీ పోవడానికి కారణం నేను. ఈ మాట పదకొండేళ్ల పాటు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఇప్పుడు పెన్షను పుచ్చుకుని వనపర్తిలో అరుగు మీద కూర్చున్నాను. నన్ను తనిఖీ చేసేవాడు లేడు, బదిలీ చేసేవాడు లేడు. ఇక ఎవరికి భయపడి దాచుకోవాలి?

అప్పుడు నేను గద్వాలలో సాలెవాడ బడికి పెద్ద పంతులును. కురుమూర్తి పంతులంటే పిల్లలకు హడల్. బెత్తం చేతిలో లేకపోతే నాకే ఏదో తక్కువైనట్టుండేది. బడిలో ఇద్దరమే పంతుళ్లం, నేనూ, మొగులయ్యా. నేను ట్రైనింగు అయినవాణ్ణి. దశాంశాలు నా గర్వం. ఏ భిన్నం ఇచ్చినా గబగబా భాగించి రెండు స్థానాల దాకా చెప్పేవాణ్ణి. "రెండు స్థానాలు చాలు, మిగతాది చాదస్తం" అనేవాణ్ణి. ఆ మాట నన్నే కాటేస్తుందని అప్పట్లో నాకేం తెలుసు.

మొగులయ్య సాలె ఇంటి బిడ్డ. ఎడమ కాలు చిన్నప్పుడే చచ్చుబడింది. మగ్గం గుంతలో కూర్చుని కాళ్లతో తొక్కలేడు. తొక్కలేనివాడికి మగ్గం మీద బతుకు లేదు కాబట్టి తండ్రి పట్టుబట్టి చదివించాడు. బడిలో ఏడాది తాత్కాలికంగా పని దొరికింది. ఏడాది చివర ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి మంచిదని రాస్తే నౌకరీ ఖాయం, లేదంటే ఇంటికి. ఇది మొగులయ్యకే కాదు, వాడకట్టు మొత్తానికీ తెలుసు. బడికి వస్తుంటే ముసలమ్మలు అడిగేవారు: "ఏం మొగులూ, పెద్దదొర ఎప్పుడొస్తడంట?"

నాలుగో తరగతి అతనిది. భిన్నాలు ఆ తరగతిలోనే మొదలవుతాయి. భిన్నాలను చిన్నదాని నుంచి పెద్దదాకా వరసలో పెట్టమంటే పిల్లలకు దయ్యం పట్టినట్టుంటుంది. 2/3, 3/4, 5/8 ఇచ్చి ఏది పెద్దదంటే అందరూ ఐదు, ఎనిమిది పెద్ద అంకెలు కదా అని 5/8 అంటారు. కింది అంకె పెరిగితే ముక్క చిన్నదవుతుందని ఎన్ని తడవలు చెప్పినా ఎక్కదు. హారాల క.సా.గు. కనుక్కోవాలి, అన్నిటికీ ఒకే హారం తేవాలి, అప్పుడు పై అంకెలు పోల్చాలి. నేను అదే చెప్పేవాణ్ణి. కొందరికి వచ్చేది, కొందరికి వాతలు తేలేవి.

ఒకరోజు అతని తరగతి ముందు నుంచి పోతుంటే పిల్లలంతా చేతుల్లో నూలు పట్టుకుని కూర్చున్నారు. నాకు కోపం నషాళానికి అంటింది.

"ఏందయ్యా మొగులయ్యా, బడా మగ్గమా గిది?"

"లెక్కలే సారూ," అన్నాడతను, చేతులు నలుపుకుంటూ. "మా పిల్లలకు పుంజమంటే పాలు తాగే నాడే ఎరుక. పుంజానికి నూట ఇరవై పోగులు. గా పుంజంల మూడింట్ల రెండు వంతులెన్ని పోగులని అడిగితే నోటితోనే చెప్తరు."

"ఏదీ, చెప్పించు."

వెనక వరసలో జమ్ములమ్మ అనే పిల్ల లేచింది. బక్కపిల్ల, కళ్లు మాత్రం పెద్దవి. "మూడింట్ల రెండంటే ఎనభై పోగులు సారూ. నాలుగింట్ల మూడంటే తొంభై. ఎనిమిదింట్ల ఐదంటే డెబ్బై ఐదు. గందుకే ఎనిమిదింట్ల ఐదు అన్నిటికన్న చిన్నది."

తప్పు పట్టడానికేమీ లేదు. నా తరగతిలో పెద్దపిల్లలు పలక నిండా బారుగా చేసే లెక్కను ఆ పిల్ల ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది. దారం పట్టుకున్నా పిల్ల చేస్తున్నది క.సా.గు. పనే. రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఎనిమిది, పది, పన్నెండు, అన్నీ నూట ఇరవైలో శేషం లేకుండా పోతాయి. పిల్లలు పుట్టినప్పటి నుంచి చేతిలో పట్టుకున్న అంకె అది.

నేను మెచ్చుకోవాల్సింది. ఆ రోజు ఒక్క మాట, "భేష్ మొగులయ్యా" అంటే నా సొమ్మేం పోయేది? ట్రైనింగు లేనివాడు, నిన్న గాక మొన్న వచ్చినవాడు, నాకు రాని ఉపాయం కనిపెట్టాడని లోపల మండింది. అసూయ అనే పేరు ఇప్పుడు పెడుతున్నాను గానీ అప్పుడు దానికి పద్ధతి అని పేరు పెట్టాను.

"గిదంతా పద్ధతి గాదు," అన్నాను. "ఏడో వంతులొస్తే ఏం జేస్తవు? నూట ఇరవైల ఏడు పోతదా?"

"పోదు సారూ. మిగుల్తది."

"మరి?"

"మిగిలిందాన్ని మరువద్దని చెప్పిన. పోగు తెగదు గానీ మిగిలింది మిగిలినట్లే గదా."

నేను నవ్వి వెళ్లిపోయాను. ఆ మాట నేను వినలేదు, చెవిన పడిందంతే.

మాఘమాసంలో ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని కబురు వచ్చింది. ఒక్కో తరగతికి ఒక్కో ప్రశ్న, దాని జవాబు పెద్ద పంతులే రాసి సిద్ధంగా ఉంచాలని హుకుం. నాలుగో తరగతికి నేను రాసిన ప్రశ్న ఇది: 5/12, 3/7, 2/5, 17/40, 3/8. చిన్నదాని నుంచి పెద్దదాకా వరసగా రాయుము.

ఏడును కావాలనే పెట్టాను. నా మనసు నాకు తెలుసు. నూలు లెక్క ఏడు దగ్గర తెగిపోవాలి, నా పద్ధతే పద్ధతని తేలాలి. మొగులయ్య నౌకరీ పోవాలని మాత్రం అనుకోలేదు. ఒక్క మెట్టు దిగితే చాలనుకున్నాను. మెట్టు మీద నుంచి తోస్తే మనిషి ఎక్కడ ఆగుతాడో తోసినవాడు చెప్పగలడా?

జవాబు చీటీ ఆ పొద్దున్నే రాశాను. వాకిట్లో తోరణాలు కట్టిస్తూ, గోడలకు సున్నం పని చూస్తూ, మోకాలి మీద కాగితం పెట్టుకుని గబగబా దశాంశాలు తీశాను. 3/8 అంటే 0.37. 2/5 అంటే 0.40. 5/12 అంటే 0.41. 17/40 అంటే 0.42. 3/7 కూడా 0.42. రెండు స్థానాలు చాలు కదా! ఆ ఆఖరి రెండూ సమానమని రాసి చీటీ మడిచాను. నూలు పిల్లలకు ఈ సమానమన్నది ఎక్కడ అంతుపడుతుందిలే అని లోలోపల మురిసిపోయాను కూడా.

ఇన్‌స్పెక్టరు రైలు దిగి టాంగాలో వచ్చాడు. కోపిష్టి కాడు, చెడ్డవాడూ కాడు. ఎండలో తిరిగి తిరిగి విసిగిన మనిషి. నాలుగో తరగతిలో నేనే ప్రశ్న బోర్డు మీద రాశాను. మొగులయ్య గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఉతికిన అంగీ తొడుక్కున్నాడు, అది తండ్రిదని భుజాలే చెబుతున్నాయి. పిల్లలు వేళ్లు ఆడిస్తూ పెదవులు కదుపుతూ పలకల మీద రాశారు.

పద్నాలుగు మందిలో పదకొండు మంది ఒకే వరస రాశారు: 3/8, 2/5, 5/12, 17/40, 3/7.

ఇన్‌స్పెక్టరు నా చీటీ చూశాడు, పలకలు చూశాడు. మళ్లీ చీటీ చూశాడు.

"ఆఖరు రెండూ సమానం కదా. అందరూ ఏడింట మూడే పెద్దదని రాశారేమిటి? క్లాసంతా ఒకే తప్పు చేసిందంటే ఒకరిని చూసి ఒకరు రాశారన్నమాట. లేకపోతే పంతులే తప్పు నేర్పి ఉండాలి."

మొగులయ్య నోరు తెరిచాడు. అతని కన్నా ముందు జమ్ములమ్మ లేచింది.

"తప్పు గాదు సారూ. పుంజంల ఎనిమిదింట్ల మూడంటే నలభై ఐదు పోగులు. ఐదింట్ల రెండంటే నలభై ఎనిమిది. పన్నెండింట్ల ఐదు యాభై. నలభైయింట్ల పదిహేడు యాభై ఒకటి, సరిగ్గ తెగుతది. ఏడింట్ల మూడు గూడ యాభై ఒకటే గానీ ఇంక జర మిగుల్తది. మిగిలింది గాబట్టి అదే పెద్దది."

"పోగులేమిటి? పుంజమేమిటి?" అన్నాడు ఇన్‌స్పెక్టరు నా వైపు తిరిగి.

నేను పిల్ల చివరి మాట దగ్గరే ఆగిపోయాను. ఇంకా జర మిగులుతుంది. మనసులోనే మూడో స్థానం తీశాను. 17/40 అంటే 0.425. 3/7 అంటే 0.428, ఇంకా పోతూనే ఉంటుంది. నేను చాదస్తమని వదిలేసిన మూడో స్థానంలో ఐదూ ఎనిమిదీ నన్ను చూస్తూ కూర్చున్నాయి. పిల్లదే ఒప్పు, పదకొండు పలకలూ ఒప్పు, నా చీటీయే తప్పు. ఎవరు తీసిన గోతిలో వారే పడతారంటారే, నేను తీసిన గోతిలో ఇంకొకడు పడుతున్నాడు.

"పెద్ద పంతులుగారూ, చీటీలో ఉన్నది మీ జవాబేనా?"

ఒక్క మాట చాలు. "పొరపాటైంది, మూడో స్థానం చూడలేదు" అంటే సరిపోయేది. ఇన్‌స్పెక్టరు మహా అయితే నవ్వేవాడు, లేదా రెండు మాటలనేవాడు. ఇరవై రెండేళ్ల సర్వీసు, ట్రైనింగు సర్టిఫికేటు, లెక్కల పంతులుగా పేరు, అన్నీ అడ్డం పడ్డాయి.

"అదేనండి," అన్నాను.

"గాదు సారూ!" అంది జమ్ములమ్మ. "మిగుల్తది సారూ, చూడుండ్రి..."

"చెయ్యి చాపు," అన్నాను.

చాపింది. బెత్తంతో రెండు దెబ్బలు కొట్టాను. కొట్టేటప్పుడు నాకు తెలుసు, ఆ పిల్ల చెప్పిందే నిజమని. తెలిసే కొట్టాను. పిల్ల ఏడవలేదు. చేతిని వెనక్కు దాచుకుని కూర్చుంది.

మొగులయ్య నా వైపే చూస్తున్నాడు. అడగలేదు, వేడుకోలేదు. అలా చూస్తూ నిలబడ్డాడు. నేను బోర్డు తుడవడానికి గుడ్డ వెతుక్కున్నాను.

ఇన్‌స్పెక్టరు పుస్తకంలో రాశాడు: "ఈ ఉపాధ్యాయునికి భిన్నములు బోధించుట రాదు. కొనసాగింపునకు తగడు." నా చేతే కింద సంతకం పెట్టించాడు. ఆయన టాంగా ఎక్కేదాకా మొగులయ్య బడి గేటు దగ్గర నిలబడ్డాడు. నేను ఇన్‌స్పెక్టరు పక్కనే నడిచాను. టాంగా మూల తిరిగాక మొగులయ్య నమస్కారం పెట్టి కుంటుకుంటూ వెళ్లిపోయాడు. జమ్ములమ్మ మర్నాటి నుంచి బడికి రాలేదు. ఇంట్లో నూలు కండెలు చుట్టే పనిలో పెట్టారని పిల్లలు చెప్పారు.

రెండేళ్లకు నాకు నాగర్‌కర్నూలు బదిలీ అయింది. అక్కడ ఎన్నో తరగతులకు భిన్నాలు చెప్పాను. మూడో స్థానం దాకా తీయమని చెప్పేవాణ్ణి. "రెండు చాలవా సారూ?" అని ఎవరైనా అడిగితే బోర్డు మీద మూడోది నేనే తీసి చూపేవాణ్ణి. బెత్తం అటక మీద పడేశాను. ఇదంతా చేసినా గద్వాల ఉత్తరం మాత్రం రాయలేకపోయాను. రాయడానికి కూర్చుంటే "మొగులయ్యకు" అన్న మాట దగ్గరే సిరా ఎండిపోయేది.

పోయిన నెల గద్వాల వెళ్లాను. పెన్షను కాగితాలు ఒక వంక. అసలు పని అది కాదు.

సాలెవాడలో అతని ఇల్లు ఎవరూ చూపించనక్కర్లేదు. వీధిలో బారుగా పడుగు సాచి ఉంది. మొగులయ్య కర్ర పట్టుకుని దాని వెంబడి నడుస్తూ పోగులు లెక్కపెడుతున్నాడు. జుట్టు సగం తెల్లబడింది. మగ్గం తొక్కలేడు కాబట్టి వాడకట్టులో అందరి పడుగులూ లెక్క చూసేది ఇతనేనట. నన్ను చూసి కర్ర పక్కన పెట్టాడు.

"పంతులుసారూ! గింత ఎండల వచ్చిండ్రేంది? కూసోండ్రి, కూసోండ్రి."

నీళ్లిచ్చాడు. తాగాను. ఎంతసేపని నంగిరినంగిరిగా మాట్లాడతాను, చెప్పేశాను. చీటీ సంగతి, మూడో స్థానం సంగతి, ఏడును కావాలని పెట్టిన సంగతి. తలెత్తకుండా అంతా చెప్పాను. చెప్పి ఏడ్చాను కూడా. అరవైకి దగ్గరపడ్డవాడు ఏడిస్తే చూడబుద్ధి కాదు.

మొగులయ్య ఖాళీ చెంబు తీసి పక్కన పెట్టాడు.

"ఏడును కావాల్నని పెట్టింది తెల్వదు సారూ. మిగతాది తెలుసు. గా దినమే తెలుసు."

"ఎట్ల?"

అతను వేలితో మట్టిలో రాశాడు. "నలభై, ఏడు. రెంటికీ కలిసే హారం రెండువందల ఎనభై. మూడు నలభైలు నూట ఇరవై. పదిహేడు ఏడులు నూట పంతొమ్మిది. ఒకటి నూట ఇరవై, ఇంకోటి నూట పంతొమ్మిది. నిండు పుంజమొకటి, ఒక్క పోగు తక్కువ పుంజమొకటి. గా ఒక్క పోగు పోతే బట్టల గీత పడ్తది సారూ. మా ఇండ్లల్ల అది సమానమని ఎవరన్నా అంటరా?"

"మరి నువ్వెందుకు చెప్పలేదయ్యా? గా దొర ముందరనే చెప్తే..."

"నేను చెప్తే నౌకరీ కోసం చెప్పుకున్నట్లుంటుండె. మీ చీటీ తప్పని అన్నట్లుంటుండె. మీరే చెప్తరని చూసిన. టాంగ మూల తిరిగెదాంక చూసిన."

నన్ను నమ్మాడు. నమ్మి నిలబడ్డాడు. అదే అతని తప్పు.

"నన్ను తిట్టు మొగులయ్యా," అన్నాను.

"తిడ్తే ఏమొస్తది సారూ. నా పొద్దు ఎట్లనో గడిచింది. నూలు లెక్క నాకు అన్నం పెడ్తనే ఉంది." అంటూ పక్క ఇంటి వైపు చూశాడు. "మీరు చెప్పాల్నంటే ఆ పిల్లకు చెప్పుండ్రి. దాని లెక్కే ఒప్పని నేను శానమార్లు చెప్పిన. నా మాట దానికి ఎక్కదు."

జమ్ములమ్మను కేకేశాడు. చంకలో పిల్లతో వచ్చింది. ఇంకా బక్కగానే ఉంది, కళ్లు మాత్రం నేల మీదే ఉన్నాయి. నన్ను గుర్తుపట్టి చటుక్కున కొంగు సవరించుకుంది.

"బాగున్నవా తల్లీ?" అన్నాను.

"బాగున్న సారూ."

ఎలా మొదలుపెట్టాలో తెలియక పంతులు బుద్ధి పోనిచ్చుకోలేదు. ప్రశ్నే అడిగాను. "ఏడింట మూడు, నలభైయింట పదిహేడు. రెంట్ల ఏది పెద్దదమ్మా?"

"రెండూ సమానం సారూ," అంది వెంటనే. ఆలోచించలేదు. పెదవులు కదపలేదు, వేళ్లు ఆడించలేదు. పిల్లను ఎత్తుకున్నది పోను రెండో చెయ్యి ఖాళీగా ఉంది, ఆ చేతిని వెనక్కు పెట్టుకుంది.

నేను నేల మీద కూలబడి మొగులయ్య రాసిన అంకెల పక్కనే మళ్లీ రాశాను. నూట ఇరవై, నూట పంతొమ్మిది. "చూడు తల్లీ. గా దినం నువ్వు చెప్పిందే ఒప్పు. తప్పు నాది. నిన్ను కొట్టింది గూడ తప్పే. ఏడింట మూడే పెద్దది, ఒక్క పోగు పెద్దది. నువ్వే చెప్పినవు, మిగుల్తదని."

ఆమె మట్టిలోని అంకెలను చూసింది. తర్వాత నా ముఖం చూసింది, నాకు ఏ జవాబు కావాలో వెతుకుతున్నట్టుగా.

"మీరు ఎట్ల అంటే గట్లనే సారూ," అంది జమ్ములమ్మ.